మీకు తెలుసా? సబ్‌టైటిల్‌ను ‘అని’ ముందు విరిస్తే కాసేపు అర్థమే తలకిందులవుతుంది

సినిమాలో ఒక అన్న తమ్ముడితో, “డబ్బు నువ్వే తీశావని నేనెప్పుడూ అనలేదు” అంటాడనుకోండి. దాన్ని సబ్‌టైటిల్ ఫైల్‌లో ఇలా రెండు ముక్కలు చేస్తే?

```
12
00:01:04,000 --> 00:01:05,500
డబ్బు నువ్వే తీశావు

13
00:01:05,600 --> 00:01:07,200
అని నేనెప్పుడూ అనలేదు.
```

ఒకటిన్నర సెకన్ల పాటు అన్న తమ్ముడి మీద దొంగతనం మోపినట్టే ఉంటుంది. తర్వాతి ముక్క వచ్చాక ప్రేక్షకుడు ఆ అర్థాన్ని చెరిపేసి మళ్లీ మొదటి నుంచి కూర్చుకోవాలి. ఆ లోపు సన్నివేశం ముందుకెళ్లిపోతుంది. రెండింటినీ కలిపి ఒకే సబ్‌టైటిల్‌గా వేసి, వరుసను మాత్రం విరిస్తే సరిపోతుంది:

```
12
00:01:04,000 --> 00:01:07,200
డబ్బు నువ్వే తీశావని
నేనెప్పుడూ అనలేదు.
```

ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లకు రాసిన మార్గదర్శకాలు, సముచ్చయానికీ ప్రిపొజిషన్‌కూ ముందు వరుస విరవమంటాయి. ఆ భాషలో అవి తర్వాత వచ్చే మాటలకు చెందుతాయి గనుక అది సబబే. తెలుగులో కి, తో, కోసం, వల్ల, అని, కాబట్టి వంటివి ముందున్న మాటనే అంటిపెట్టుకుంటాయి. అందుకే మనం వాటి తర్వాత విరవాలి. “వర్షం వచ్చింది” అని ఆపి కింది వరుసను “కాబట్టి మ్యాచ్ ఆగిపోయింది” అని మొదలుపెడితే చదువు తడబడుతుంది. “వర్షం వచ్చింది కాబట్టి” వరకూ పైన ఉంచితే, “మ్యాచ్ ఆగిపోయింది” కింద హాయిగా చదువుకోవచ్చు. అలాగే “నిన్న మా ఇంటికి వచ్చిన” దగ్గర తెంచకూడదు. “వచ్చిన అబ్బాయి” ఒకే ముద్ద.

ఇంతకీ వరుస తప్పు చోట విరగడానికి ప్రతిసారీ మనిషే కారణం కాదు. విరుపు పెట్టకుండా వదిలేస్తే ప్లేయర్ వెడల్పు చూసి, వరుస నిండిన చోట తెంపేస్తుంది. వాక్యంతో దానికి పని లేదు. విరుపు చేత్తో పెట్టాలి. పెట్టాక కింది వరుసను చేత్తో మూసి పైదాన్నే చదివి చూడండి. అది పూర్తి ముక్కగా ఉందా, తప్పు అర్థం ఇస్తోందా అన్నవి రెండూ చూడాలి. పైన చూసిన దొంగతనం ముక్క మొదటి పరీక్షలో నెగ్గి రెండోదాంట్లో ఓడిపోతుంది.

దీని ప్రభావాన్ని మరీ పెద్దది చేసి చెప్పనక్కర్లేదు. 2010లో ఇటాలియన్ ప్రేక్షకులతో చేసిన కంటి కదలికల పరిశోధనలో, విరుపు బాగోలేకపోయినా సినిమా అర్థం కావడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2018లో వచ్చిన మరో అధ్యయనంలో మాత్రం ప్రేక్షకులు పదబంధం దగ్గర విరిచిన వరుసలనే ఎక్కువగా ఇష్టపడ్డారు.

ఒక్కోసారి ముద్దంతా ఒక వరుసలో పట్టదు. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లిష్ నియమాల్లో వరుసకు 42 అక్షరాలే హద్దు, వరుసలు రెండే. అప్పుడు ముద్దను చీల్చడం కన్నా మాటలు తగ్గించడం మేలు. “నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చి వెళ్లిన ఆ అబ్బాయి” అన్నదాన్ని “నిన్న మా ఇంటికొచ్చిన అబ్బాయి” చేస్తే కథకు లోటేమీ రాదు.