ప్రాజెక్టులో మీరు చేసిందేమిటి?

బీటెక్ చివరి ఏడాది విద్యార్థుల రెజ్యూమెలు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. పేరు కిందే కెరీర్ ఆబ్జెక్టివ్: మంచి సంస్థలో చేరి నైపుణ్యాలు పెంచుకోవాలన్నది నా ఆశయం అని. ఉద్యోగానుభవం లేనివాళ్లకు ఒక్క పేజీ చాలు. అందులో ముందుగా కళ్లు పడే చోటును ఎవరికైనా సరిపోయే వాక్యానికి ఇవ్వడం శుద్ధ దండగ. దాన్ని తీసేసి, ఫోను, ఈమెయిలు తర్వాత నేరుగా చదువు రాయండి. క్యాంపస్ నియామకాల్లో చాలా కంపెనీలు మార్కుల కటాఫ్ పెడతాయి కాబట్టి సీజీపీఏ, ఇంటర్, పదో తరగతి మార్కులు వెతుక్కోకుండా కనబడాలి. తర్వాత, వచ్చిన ప్రోగ్రామింగ్ భాషలు, సాఫ్ట్‌వేర్లు రెండు వరసల్లో. మిగిలిన చోటులో సింహభాగం ప్రాజెక్టులదే.

అసలు తేడా అక్కడే తెలుస్తుంది. సీఎస్ఈ చదివే ఒక అమ్మాయి ఇలా రాసిందనుకుందాం: 'లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. జావా, మైఎస్‌క్యూఎల్‌తో చేశాం.' ఇదే ప్రాజెక్టు వాళ్ల క్లాసులోనే ఇంకో నాలుగు టీములు చేసి ఉంటాయి. ఆమె ఏం చేసిందో ఇందులో లేదు. అదే విషయాన్ని ఇలా రాస్తే?

'గడువు దాటిన పుస్తకాల కోసం లైబ్రేరియన్ రిజిస్టరంతా తిరగేయాల్సి వచ్చేది. నలుగురి టీములో డేటాబేస్ పని నాది. ఐదు టేబుళ్లు డిజైన్ చేసి, గడువు దాటిన పుస్తకాల జాబితా ఇచ్చే క్వెరీ రాశాను. 600 రికార్డులతో పరీక్షించాను.'

సమస్య, తన వంతు పని, ఎంతవరకు పరీక్షించిందీ మూడూ వచ్చేశాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అడగడానికి ప్రశ్న దొరుకుతుంది: ఐదు టేబుళ్లు ఎందుకు, మూడుతో సరిపోదా? దానికి ఆమె దగ్గర జవాబుంటుంది, ఆ పని చేసింది తనే కాబట్టి. 600 అన్నది కూడా నిజంగా వేసి చూసిన లెక్కై ఉండాలి. కొని తెచ్చిన ప్రాజెక్టు రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

ఇంటర్న్‌షిప్ కూడా ఇదే పద్ధతిలో రాయాలి. సర్టిఫికెట్ పేరు కంటే అక్కడ చేతిలో పెట్టిన పని ముఖ్యం. వీడియోలు చూసి, క్విజ్ రాసి పూర్తి చేసిన ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ అయితే దాన్ని శిక్షణ కిందే చూపించడం నిజాయితీ. అందులో ఏదైనా తయారుచేసి ఉంటే దాన్ని ప్రాజెక్టుల్లోకి తెచ్చుకోవచ్చు. చదివిన సబ్జెక్టుల్లో ఆ ఉద్యోగానికి పనికొచ్చేవి మూడో నాలుగో చాలు. డేటాబేస్ ఉద్యోగానికి ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఎందుకు? తండ్రి పేరు, మతం, చివర్లో డిక్లరేషన్ కూడా, కంపెనీ అడిగితే తప్ప, అక్కర్లేదు.

పంపేముందు ఒక పరీక్ష చేయండి. పీడీఎఫ్ తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. రెండు నిలువు వరసల టెంప్లేట్ వాడినవాళ్లకు కొన్నిసార్లు సీజీపీఏ పక్కన హాబీలు, ప్రాజెక్టు మధ్యలో ఫోన్ నంబరు వస్తాయి. రెజ్యూమెలను వడకట్టే సాఫ్ట్‌వేర్‌కూ అలాగే కలగాపులగంగా అందవచ్చు. అలా వస్తే ఆ టెంప్లేట్ వదిలేసి, మామూలు వర్డ్ ఫైలులో పైనుంచి కిందికి ఒకే వరసలో టైపు చేసుకోండి.