కాలి కింద కరెంటు, తెర మీద కొవ్వు

పొద్దున లేవగానే ఎక్కితే 28 శాతం, రాత్రి పడుకోబోయే ముందు ఎక్కితే 26. మధ్యలో రెండు పూటలా అన్నం తిన్నారు, సాయంత్రం పకోడీలూ పడ్డాయి. అయినా కిలో కొవ్వు తగ్గిందంటుంది ఇంట్లోని స్మార్ట్ తూకం యంత్రం. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కిలోక్యాలరీలు ఖర్చవ్వాలి. మామూలు మనిషి రోజంతా ఖర్చుపెట్టేది రెండు వేల చిల్లర. కాబట్టి మారింది కొవ్వు కాదు, ఇంకేదో.

ఈ యంత్రం నిజంగా కొలిచేవి రెండే: బరువు, కరెంటుకు శరీరం చూపే అడ్డు. పాదాల కింది లోహపు పలకల నుంచి మనకు తెలియనంత చిన్న కరెంటు ఒక కాలిలోంచి ఎక్కి, పొత్తికడుపు మీదుగా రెండో కాలిలోకి దిగుతుంది. (గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదనేది ఇందుకే.) ఉప్పులు కలిసిన నీరు కరెంటును సులువుగా పోనిస్తుంది, కొవ్వు అడ్డుకుంటుంది. కండ, రక్తం, అవయవాలు అన్నీ కలిసిన కొవ్వు లేని భాగంలో సుమారు 73 శాతం నీరే. అందుకని యంత్రం అడ్డును బట్టి నీరు ఎంతుందో, నీటిని బట్టి కొవ్వు లేని భాగం ఎంతుందో అంచనా కడుతుంది. మొత్తం బరువులోంచి దాన్ని తీసేస్తే మిగిలిందే కొవ్వు.

అంటే కొవ్వును ఎవరూ కొలవలేదు. అది తీసివేతలో శేషం. పై అంకెల్లో ఎక్కడ తేడా వచ్చినా చివరికి దాని మీదే పడుతుంది.

72 కిలోల మనిషిని తీసుకుందాం. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తాగకుండా ఎక్కాడు. అడ్డు 500 ఓమ్‌లు, కొవ్వు 28 శాతం, అంటే సుమారు 20.2 కిలోలు. కొవ్వు లేని భాగం 51.8. ఇప్పుడు లీటరు నీళ్లు గటగటా తాగి మళ్లీ ఎక్కితే బరువు 73. కానీ ఆ నీరు ఇంకా కడుపులోనే ఉంది, కరెంటు తిరిగే కాళ్లలోకి చేరలేదు. అడ్డు మారలేదు గనుక 51.8 అలాగే ఉంటుంది, అదనపు కిలో శేషంలో పడుతుంది. కొవ్వు 29 శాతం! మంచినీళ్లకు పట్టిన గతి ఇది. భోజనం చేసిన వెంటనే ఎక్కినా కథ ఇంచుమించు ఇంతే.

రాత్రికి వ్యవహారం తిరగబడుతుంది. రోజంతా నిలబడీ కూర్చునీ ఉండటంతో ఒంట్లో నీరు కొంత కాళ్లలోకి దిగుతుంది. సాయంత్రానికి చెప్పులు బిగుతుగా అనిపించేదీ అందుకే. కాళ్లలో నీరు పెరిగితే అడ్డు తగ్గుతుంది. అది 485కి దిగిందనుకోండి, 3 శాతమే తేడా. యంత్రం మాత్రం కొవ్వు లేని భాగాన్ని 53.4 కిలోలుగా లెక్కగడుతుంది. బరువు 72.6 ఉన్నా కొవ్వు 19.2 కిలోలకు, అంటే 26.4 శాతానికి పడిపోతుంది. అసలు యంత్రాల సూత్రాల్లో వయసు, స్త్రీయా పురుషుడా అన్నదీ, చాలావాటిలో బరువూ కలుస్తాయి కాబట్టి ఊగిసలాట ఇంత సూటిగా ఉండకపోవచ్చు, కానీ దిశ ఇదే.

వ్యాయామం తర్వాత ఎక్కేవాళ్లను ఇది ఇంకా తికమక పెడుతుంది. ఒళ్లు వేడెక్కి, చర్మానికి రక్తం బాగా చేరి, పాదాలు చెమటతో తడిసి ఉంటే అడ్డు తగ్గి కొవ్వు తక్కువ చూపిస్తుంది. ఎండలో తిరిగొచ్చి చాలాసేపు నీళ్లు తాగకపోతే నీరు తగ్గి కొవ్వు ఎక్కువ చూపించవచ్చు. మడమలు పగిలి పొడిబారినా అంతే.

అన్నిటికన్నా ఎక్కువమందిని భయపెట్టేది అన్నం మానేసిన మొదటి వారం. కండలోనూ కాలేయంలోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది, ఒక్కో గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని. అన్నం ఆపగానే ఆ నిలవ కరిగి నీరు బయటికి పోతుంది. బరువు కిలోన్నర, రెండు కిలోలు తగ్గుతుంది. తెర మీద మాత్రం ‘కండ తగ్గింది, కొవ్వు శాతం పెరిగింది’ అని కనిపిస్తుంది. కండ ఎక్కడికీ పోలేదు, పోయినదాంట్లో ఎక్కువ నీరే. పండక్కి మళ్లీ పులిహోర తింటే ఆ ‘కండ’ రెండు రోజుల్లో తిరిగొస్తుంది.

ఎత్తు సరిగా నమోదు చేశారో లేదో ఒకసారి చూసుకోండి. సూత్రంలో ఎత్తుకు వర్గం వేస్తారు గనుక 170 సెంటీమీటర్లకు బదులు 172 కొడితే, పై లెక్క ప్రకారం కిలోకు పైగా కొవ్వు ఉత్తుత్తినే మాయమవుతుంది. పక్కింటివాళ్ల యంత్రంతో పోల్చుకోవడం కూడా దండగే. ఒక్కో కంపెనీ సూత్రం ఒక్కో రకం.

నా మటుకు నేను శాతాన్ని నమ్మను, దాని నడకను నమ్ముతాను. పొద్దున్నే పరగడుపున, పొడి పాదాలతో, అదే గచ్చు మీద ఎక్కి, వారం సగటును కిందటి నెల వారం సగటుతో పోల్చాలి. స్త్రీలైతే నెలసరికి ముందు నీరు పట్టే రోజులను పక్కనపెట్టి చూడాలి. ఒక శాతం లోపు తేడాను తేడాగా లెక్కపెట్టనక్కర్లేదు. రెండు నెలల్లో సగటు దిగుతూ, టేపుతో కొలిచిన నడుము కూడా తగ్గుతుంటే కొవ్వు కరుగుతున్నట్టే. శాతం తగ్గి నడుము కదలకపోతే, ముందు ఏ పూట ఎక్కుతున్నారో చూసుకోండి.