మాత్రల కెమెరాకు చూపు ఎందుకు తప్పుతుంది?

మాత్రల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ మీద ఒక కెమెరా ఉంటుంది. ప్లాస్టిక్ గుంటల్లో మాత్రలు పడ్డాక, పైన రేకు అతికించే ముందు, ప్రతి స్ట్రిప్పునీ ఫొటో తీస్తుంది. గుంట ఖాళీగా ఉన్నా, మాత్ర అంచు విరిగినా ఆ స్ట్రిప్పు చివర్లో పక్కకు పోతుంది. ఏది విరిగిందో, ఏది బాగుందో తేల్చేది వేల ఫొటోలు చూపించి నేర్పిన విజన్ మోడల్.

లైన్ నిమిషానికి 200 స్ట్రిప్పులు నడుస్తోందనుకుందాం. ఎనిమిది గంటల షిఫ్టులో 96,000. పెట్టిన కొత్తలో నూటికి అర చొప్పున, అంటే 480 స్ట్రిప్పులు పక్కకు పోయేవి. ఆరు నెలలు తిరిగేసరికి నూటికి రెండు, అంటే 1,920. తీసి చూస్తే చాలావాటిలో మాత్రలు నిక్షేపంగా ఉన్నాయి. మోడల్‌ను ఎవరూ ముట్టుకోలేదు. దాని ముందుకొచ్చే ఫొటోలు మారాయి. దీన్నే డేటా డ్రిఫ్ట్ అంటారు.

ఇలా బాగున్నవి పోతే నయమే, సూపర్‌వైజర్ వెంటనే గోల పెడతాడు. విరిగిన మాత్ర బాగున్నట్టు దాటిపోతే లైన్‌లో ఎవరికీ తెలియదు. ప్రతి స్ట్రిప్పుకీ సరైన జవాబు చెప్పే మనిషి అక్కడ ఉండడు కదా! అందుకే తప్పులు లెక్కపెట్టే బదులు ఫొటోలనే గమనించాలి. సగటు వెలుగెంత, అంచులు ఎంత స్పష్టంగా ఉన్నాయి, మోడల్ ఎంత నమ్మకంతో తీర్పు ఇస్తోంది అన్నవి రోజూ నమోదు చేస్తారు. పోలిక మాత్రం మోడల్‌ను అంగీకరించిన నాటి ఫొటోలతోనే ఉండాలి. పోయిన వారంతో పోలిస్తే, మెల్లగా వచ్చే మార్పు ఏ వారానికావారం మామూలుగానే కనిపిస్తుంది.

మార్పు ఉందని తెలిశాక కారణం పట్టుకోవడానికి నాకు బాగా నచ్చిన ఉపాయం ఒక బూడిద రంగు పలక. కెమెరా చూసే మేరలో ఓ మూల దాన్ని బిగించి ఉంచుతారు. వెలుగును 0 నుంచి 255 వరకు కొలిస్తే, మొదట్లో పలక 180 చూపించిందనుకుందాం. ఇప్పుడు 162 చూపిస్తోంది, మాత్రలు కూడా అదే మేరకు మసకబారాయి. అంటే తప్పు మాత్రలది కాదు. లెన్స్ మీద పొడి పేరుకుని ఉండాలి, లేదా ఎల్‌ఈడీ దీపం వయసు మీద పడి తగ్గి ఉండాలి. పలక 180 దగ్గరే ఉండి మాత్రలు మాత్రమే మారితే, పూత షేడ్ మారిందో, ప్లాస్టిక్ షీటు మారిందో వెతకాలి. పలక మీద కూడా పొడి పడుతుంది, దాన్నీ తుడవాలి.

మొదటి సందర్భంలో మోడల్ జోలికి పోనక్కర్లేదు. లెన్స్ తుడిస్తే 162 కాస్తా 168 అయింది. మిగతాది దీపం కరెంటు పెంచి తెచ్చుకోవాలి. కెమెరా ఎక్స్‌పోజర్ సమయం పెంచడం సులువే గానీ, స్ట్రిప్పు కదులుతూ ఉంటుంది కాబట్టి ఫొటో అలుక్కుపోయి సన్నటి పగుళ్లు కనబడకుండా పోతాయి. ఇంకా చెడ్డ అలవాటు, పక్కకు పోయేవి తగ్గాలని మోడల్ తీర్పు గీతను సడలించడం. లెక్క బాగుపడుతుంది, విరిగినవీ దాటిపోతాయి.

పూత షేడే మారితే మోడల్‌కు మళ్లీ నేర్పాలి. ఇక్కడ చాలామంది పక్కకు పోయిన స్ట్రిప్పుల ఫొటోలు మాత్రమే పోగుచేస్తారు. దాటిపోయినవాటిలో ఏముందో అప్పుడు ఎప్పటికీ తెలియదు. అందుకే బాగున్నాయని వదిలిన వాటిలోంచీ కొన్నింటిని గుడ్డిగా ఏరాలి. ఇద్దరు తనిఖీదారులు విడివిడిగా చూసి లేబుల్ పెడితే, ఎక్కడ వాళ్లకే మాట కలవదో బయటపడుతుంది. అలా ఏరిన 300 స్ట్రిప్పుల్లో ఒక్క లోపమూ దొరకకపోయినా, గట్టిగా అనగలిగింది దాటిపోయేవి నూటికి ఒకటి మించవని మాత్రమే. వెయ్యికి ఒకటి మించవనాలంటే దాదాపు 3,000 చూడాలి.

కొత్త ఫొటోలకు పాతవీ కలిపి నేర్పాలి, లేకుంటే మోడల్ పాత షేడ్‌ను మరచిపోతుంది. నేర్పాక కొన్నాళ్లు కొత్త మోడల్ పక్కన కూర్చుని తీర్పులు రాసుకుంటుంది, స్ట్రిప్పులను తోసేది పాతదే. ఇద్దరి తీర్పూ కలవని స్ట్రిప్పులను మనిషి చూస్తాడు. మందుల ఫ్యాక్టరీలో ఈ మార్పంతా కాగితం మీద ఆమోదం పొందాకే జరుగుతుంది. మోడల్ తనంతట తాను రోజూ నేర్చుకుంటూ పోవడం అక్కడ కుదరదు.

లైన్ మొదలయ్యే ముందు కావాలని లోపం పెట్టిన స్ట్రిప్పులను నడిపి చూసే చాలెంజ్ టెస్ట్ ఉంటుంది. మంచిదే. కానీ అందులో ఖాళీ గుంట, సగం మాత్ర వంటి పెద్ద లోపాలే ఉంటే, మసకబారిన కెమెరా కూడా హాయిగా పాసవుతుంది. అంచు రవ్వంత చెక్కుకుపోయిన మాత్రనూ ఆ కిట్‌లో చేర్చాలి.