కొత్త బైక్ బ్యాటరీకి తొలి ఛార్జింగ్

బైకుకి సీల్డ్ బ్యాటరీ కొన్నప్పుడు ఒక్కోసారి పెట్టెలో రెండు వస్తువులు ఉంటాయి: యాసిడ్ లేని బ్యాటరీ, ఆరు సీసాలు కలిపిన ప్లాస్టిక్ యాసిడ్ ప్యాక్. బ్యాటరీ పలకలను ఫ్యాక్టరీలోనే ఛార్జ్ చేసి, ఆరబెట్టి, గాలి చొరకుండా మూసి పంపుతారు. అందుకే యాసిడ్ పోసేముందు మాత్రమే బ్యాటరీ మీది రేకు తీయాలి. ముందే తీస్తే తేమగాలికి పలకలు పాడవుతాయి.

కంటికి అద్దాలు, చేతికి రబ్బరు గ్లౌజులు పెట్టుకుని, గాలి ఆడేచోట బ్యాటరీని సమతలంగా ఉంచండి. ప్యాక్ మీది మూతల పట్టీ తీసి దాచండి, చివర్లో బ్యాటరీకి అదే మూత. సీసాల మీది పల్చటి రేకును మాత్రం పొడవకండి, ఊడదీయకండి. ప్యాక్‌ను తిరగేసి ఆరు రంధ్రాల మీద గట్టిగా నొక్కితే ఆ రేకు దానంతటదే చిరుగుతుంది.

ఇప్పుడు ఆరు సీసాల్లోనూ బుడగలు పైకి రావాలి. ఒకదాంట్లో రాకపోతే ఆ సీసా అడుగున వేలితో రెండు మూడుసార్లు తట్టండి. కనీసం 20 నిమిషాలు ఆగి, చివరి చుక్కదాకా దిగాకే ప్యాక్ తీయండి. ఈ యాసిడ్ ఆ మోడల్‌కే కొలిచి నింపినది. కొంత మిగిల్చి పారేసినా, వేరే ప్యాక్ వాడినా, ఆ లోటు తర్వాత పూడ్చలేం. సీల్డ్ బ్యాటరీలో నీళ్లు కూడా పోయకూడదు.

మూతల పట్టీని వదులుగా ఆనించి, యాసిడ్ పలకల్లోకి ఇంకేలా అరగంట నుంచి గంటసేపు వదిలేయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. యాసిడ్ పడగానే హారన్ మోగుతుంది కాబట్టి వెంటనే బైకుకి బిగించేస్తారు. అప్పటికి బ్యాటరీలో దాదాపు 80 శాతం ఛార్జే ఉంటుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగే బైకు మిగతాది నింపలేదు. ఎప్పుడూ సగం ఆకలితో ఉన్న పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది.

కెపాసిటీలో పదోవంతు కరెంటుతో ఛార్జ్ చేయాలి. 12 వోల్టుల 5 ఆంపియర్-అవర్ బ్యాటరీకి అది 0.5 ఆంపియర్, 5 నుంచి 10 గంటలు. కారు ఛార్జర్‌తో 4, 5 ఆంపియర్లు ఎక్కిస్తే లోపలి నీరు ఆవిరవుతుంది. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది, నిప్పురవ్వ దగ్గరికి రానీయకండి.

ఛార్జర్ తీసి, గంటో రెండు గంటలో ఆగి మీటరు పెట్టండి. 12.8 వోల్టులు లేదా పైన ఉంటే సరి, తక్కువైతే మరోసారి ఛార్జ్ చేయండి. 10.6 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ పనిచేయట్లేదని అనుమానించాలి, ఎందుకంటే ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు 2.1 వోల్టులు. అప్పుడు వారంటీకి తీసుకెళ్లండి. అంతా బాగుంటే మూతల పట్టీని చేత్తో సమంగా నొక్కి బిగించండి, సుత్తితో కొట్టకండి. ఇక దాన్ని మళ్లీ తెరవకూడదు.