ప్లేట్‌లెట్లు 38 వేలేనా? ఒకసారి స్లైడ్ చూడాలి

వానాకాలం జ్వరాలు మొదలయ్యాయంటే మన ఇళ్లలో ప్లేట్‌లెట్ల మాటే. సీబీపీ రిపోర్టులో లక్షన్నరకు తగ్గితే ఇంటిల్లిపాదికీ కంగారు. చాలాసార్లు ఆ అంకె నిజమే. కొందరిలో మాత్రం ప్లేట్‌లెట్లు ఒంట్లో నిక్షేపంగా ఉండి, ట్యూబులోకి వచ్చాక తగ్గినట్టు కనిపిస్తాయి. ఎందుకో అర్థం కావాలంటే ముందు యంత్రం ఎలా లెక్కపెడుతుందో చూడాలి.

ఈ పద్ధతికి అమెరికా ఇంజినీరు వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంటు పొందాడు. రక్తాన్ని ఉప్పు ద్రావణంలో బాగా పలచన చేసి, మిల్లీమీటరులో పదో వంతుకు మించని రంధ్రం గుండా లాగుతారు. రంధ్రానికి అటూ ఇటూ ఎలక్ట్రోడ్లు ఉంటాయి, ద్రావణంలో సన్నగా కరెంటు పారుతుంటుంది. రక్తకణం కరెంటును సరిగా పోనివ్వదు. అది రంధ్రం దాటే క్షణంలో అడ్డు పెరిగి, యంత్రంలో ఒక స్పందన నమోదవుతుంది. ఎన్ని స్పందనలో అన్ని కణాలు. కణం ఎంత పెద్దదైతే స్పందన అంత ఎత్తు. అలా ఒకే దెబ్బతో సంఖ్యా, పరిమాణమూ తెలుస్తాయి. కొత్త యంత్రాలు లేజర్ కాంతిని కూడా వాడతాయి కానీ, ఎర్రకణాలనూ ప్లేట్‌లెట్లనూ లెక్కించడానికి చాలా ల్యాబుల్లో ఇప్పటికీ ఇదే ఆధారం.

ఎర్రకణం పరిమాణం మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు. రిపోర్టులో MCV అని కనిపించేది దాని సగటే. ప్లేట్‌లెట్ పది ఫెమ్టోలీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అందుకని సుమారు 2 నుంచి 20 మధ్య వచ్చిన ప్రతి స్పందననూ యంత్రం ప్లేట్‌లెట్ కింద జమ కడుతుంది. తెల్లకణాల కోసం మరో గదిలో ఎర్రకణాలను మందుతో కరిగించేసి, మిగిలిన పెద్ద కణాలను లెక్కిస్తుంది. గమనించాల్సింది ఒకటే: ఈ లెక్కలో యంత్రం కణాన్ని చూడడం లేదు, పరిమాణాన్ని బట్టి పేరు పెడుతోంది.

చిక్కు ఇక్కడే. ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ అనే మందు ఉంటుంది. అది రక్తంలోని కాల్షియంను పట్టేసి గడ్డకట్టకుండా చూస్తుంది. కాల్షియం పోయేసరికి ప్లేట్‌లెట్ల పైపొర మీది ఒక ప్రోటీన్ రూపు మారుతుంది. కొద్దిమంది రక్తంలో, ఆ మారిన రూపాన్నే పట్టుకునే యాంటీబాడీలుంటాయి. వాటివల్ల ట్యూబులో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. ఆలస్యమయ్యేకొద్దీ గుంపులు పెరుగుతాయి. ఒంట్లో ఇదేమీ జరగదు, మనిషికి హానీ లేదు. యాంటీబాడీలు లేకపోయినా, నరం దొరక్క రక్తం నెమ్మదిగా వచ్చినా, తీసిన వెంటనే ట్యూబును మెల్లగా తిప్పి కలపకపోయినా, చిన్న గడ్డలు కట్టి ఇదే తప్పు జరుగుతుంది.

పాతిక ప్లేట్‌లెట్లు ఒక గుంపైతే యంత్రానికి వచ్చేది ఒక్క స్పందనే. అదీ 20 దాటిపోతుంది కాబట్టి ప్లేట్‌లెట్ల లెక్కలోకే రాదు. మరీ పెద్ద గుంపైతే తెల్లకణంగా లెక్కకెక్కవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కు ముందు ఒకామెకు సీబీపీ చేశారు. జ్వరం లేదు, ఒంటిమీద ఎర్రచుక్కలు లేవు, చిగుళ్ల నుంచి రక్తం రాలేదు. ప్లేట్‌లెట్లు 38,000. తెల్లకణాలు 13,400, కాస్త ఎక్కువే. తెరమీద ప్లేట్‌లెట్ల గ్రాఫు కుడివైపు కిందికి దిగాల్సింది దిగకుండా రంపపు పళ్లలా ఉంది, పక్కనే `PLT Clumps?` అనే హెచ్చరిక. అది ప్రశ్నేగాని జవాబు కాదు. టెక్నీషియన్ ఒక చుక్క రక్తాన్ని స్లైడ్ మీద పలచగా పరిచి, ఆరబెట్టి, లీష్మన్ రంగు వేశాడు. మైక్రోస్కోపులో ముందు చూడాల్సింది పూత పలచబడి ముగిసే చివరి అంచు, గుంపులు అక్కడికే కొట్టుకుపోతాయి. పూత మధ్యభాగం ఒక్కటే చూసి ‘ప్లేట్‌లెట్లు తక్కువే’ అని రాసేస్తే స్లైడ్ చేసి కూడా లాభం లేదు. ఈమె స్లైడ్‌లో అంచు పొడవునా ఊదారంగు గుంపులే.

నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి వెంటనే లెక్కిస్తే 1,90,000 వచ్చింది. ఆ ట్యూబులో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు ద్రవం కలుస్తుంది కాబట్టి 1.1తో హెచ్చవేయాలి: 2,09,000. ఈ రక్తంతో వేసిన స్లైడ్‌లో నూనె వేసి చూసే లెన్సు కింద ఒక్కో చోట సగటున 14 ప్లేట్‌లెట్లు కనబడ్డాయి. దాన్ని 15,000తో హెచ్చవేస్తే 2,10,000. రెండూ కలిశాయి. స్లైడ్ లెక్క ఉజ్జాయింపే, కానీ 38 వేలకూ రెండు లక్షలకూ తేడా పట్టడానికి అది చాలు.

సిట్రేట్‌లోనూ గుంపులు కట్టే రక్తం కొందరిది. అప్పుడు తీసిన మరుక్షణమే లెక్కించి, స్లైడ్ అంచనానే నమ్ముకోవాలి. ఇక హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ గుంపులే అనుకోవడానికీ లేదు. స్లైడ్‌లో గుంపులు లేకుండా ప్లేట్‌లెట్లు నిజంగానే పలచగా కనిపిస్తే ఆ అంకెను నమ్మి వైద్యం చేయాల్సిందే. గుంపులని తేలినవారి రిపోర్టు మీద మాత్రం ‘ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు గుంపు కడుతున్నాయి’ అని రాయించుకుని దాచుకోవాలి. అది చూపిస్తే తర్వాతి ఊళ్లో, తర్వాతి ల్యాబులో ఆపరేషన్ ఆగదు, అక్కర్లేని ప్లేట్‌లెట్లూ ఎక్కించరు.