ఇద్దరూ అడ్డుపడలేదు, మాట ఆలస్యంగా చేరింది

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక రెండోవారు అందుకోవడానికి పట్టే సమయం చాలా తక్కువ. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో అది సగటున 200 మిల్లీసెకన్లని, అంటే సెకనులో ఐదో వంతని తేలింది. ఒక్క పదాన్ని మనసులో కూర్చుకుని నోటిదాకా తేవడానికే అర సెకనుకు పైగా పడుతుంది. అయినా అంత త్వరగా అందుకోగలుగుతున్నామంటే, అవతలివారి మాట ఎక్కడ ముగుస్తుందో ముందే పసిగట్టి, వాళ్లు మాట్లాడుతుండగానే జవాబు సిద్ధం చేసుకుంటున్నామన్నమాట. అందుకే జవాబు కొంచెం ఆలస్యమైనా మనసుకు తెలిసిపోతుంది. మౌనం సెకను దగ్గరికి వచ్చేసరికి ‘వినపడలేదేమో’ అనుకుని మళ్లీ అడుగుతాం.

వీడియో కాల్‌లో దెబ్బతినేది ఈ లయే. డాలస్‌లో ఉన్న కూతురు ఖమ్మంలోని తండ్రికి కాల్ చేసిందనుకుందాం. సముద్రగర్భ కేబుళ్ల ప్రయాణం, యాప్ మాటను కుదించి విప్పే పని, దారిలో ముందువెనకలైన ముక్కలను సర్దడానికి కాసేపు ఆపుకోవడం అన్నీ కలిపి ఒకవైపు 200 మిల్లీసెకన్లు పట్టిందని లెక్క వేద్దాం. టెలిఫోన్ ప్రమాణాలు నిర్ణయించే ఐటీయూ ఒకవైపు ఆలస్యం 150 లోపు ఉంటే మేలంటుంది. అంటే బడ్స్ పెట్టుకోకముందే ఆ గీత దాటాం.

ఇప్పుడు ఇద్దరూ వైర్‌లెస్ బడ్స్ పెట్టుకున్నారు. బడ్‌లోని మైకు పట్టిన మాటను చిన్న చిప్ శుభ్రం చేసి, కుదించి, బ్లూటూత్‌లో ఫోన్‌కు పంపాలి. అవతల ఫోన్ అదే పని చేసి చెవిలోని బడ్‌కు చేర్చాలి. రేడియోలో ఏ ముక్కయినా పోతే మళ్లీ పంపే వీలుండాలి కాబట్టి ప్రతిచోటా కొంత మాటను నిల్వ ఉంచుకుంటారు. ఇది పరికరాన్ని బట్టి మారుతుంది. ఒక్కో చివర 100 మిల్లీసెకన్లు అనుకుంటే, ఒకవైపు ఆలస్యం 200 నుంచి 400కు పెరిగింది.

కూతురు “నాన్నా, మందులు వేసుకున్నారా?” అని అడిగి ఆపింది. ఆ ప్రశ్న ముగింపు తండ్రికి వినపడేది 0.4 సెకన్లకు. ఆయన ఎప్పటిలాగే 0.2 సెకన్లలో “వేసుకున్నానమ్మా” అని మొదలుపెట్టాడు. ఆ మాట కూతురి చెవికి చేరేది ఒక సెకనుకు. ఈలోగా 0.8 దగ్గర ఓపిక పట్టలేక ఆమె “నాన్నా, వినిపిస్తోందా?” అంది. అది తండ్రికి 1.2 దగ్గర, ఆయన మాట మధ్యలో, వచ్చి పడుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. తండ్రి చెవికి వినిపించిన సంభాషణలో ఆయన వెంటనే జవాబిచ్చాడు, కూతురే మాట తుంచింది. కూతురి వైపు వినిపించిన సంభాషణలో తండ్రి చాలాసేపు పలకలేదు, తీరా తను మళ్లీ అడగబోతే అడ్డం వచ్చాడు. రెండూ నిజాలే, తప్పు ఎవరిదీ కాదు. తర్వాత ఇద్దరూ మర్యాదగా ఆగిపోతారు. ఎదురుగా ఉంటే ఒకరు తగ్గిన సంగతి రెండోవారికి ఆ క్షణమే తెలిసేది. ఇక్కడ అది ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి ఇద్దరూ ఎదురుచూసి, ఇద్దరూ ఒకేసారి మళ్లీ మొదలుపెడతారు. వినేవారు మధ్యమధ్య అనే ‘ఊ’, ‘ఆహా’ కూడా ఇంతే. వాక్యం చివర పడాల్సింది తర్వాతి వాక్యం నడుమ పడి, అడ్డు చెప్పినట్టు వినిపిస్తుంది.

అదే బడ్స్ లేకపోతే తండ్రి జవాబు 0.6కే చేరేది, కూతురి ఓపిక అయిపోకముందే.

మరి అవే బడ్స్‌తో సినిమా చూస్తే పెదవులూ మాటా చక్కగా కలుస్తాయి కదా అంటే, అక్కడ ప్లేయర్ బడ్స్ ఆలస్యాన్ని లెక్కగట్టి బొమ్మను అంతసేపు వెనక్కి పట్టి ఉంచుతుంది. రికార్డయిన సినిమాతో అది కుదురుతుంది గానీ, బతికున్న మనిషి జవాబును ముందుకు జరపడం ఏ యాప్‌కూ సాధ్యం కాదు.

మీ కాల్‌లో బడ్స్ వాటా ఎంతో తెలుసుకోవడం తేలికే. ఇద్దరూ వంతులవారీగా ఒకటి నుంచి ఇరవై దాకా, అవతలి అంకె వినపడగానే తమది చెబుతూ లెక్కపెట్టండి. ఎంతసేపు పట్టిందో చూసుకోండి. ఆ వెంటనే ఇద్దరూ వైరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ చేయండి. మాట పదిసార్లు పోయి వస్తుంది కాబట్టి, పై ఉదాహరణలో తేడా నాలుగు సెకన్ల వరకు కనిపించాలి. తేడా ఏమీ లేకపోతే ఆలస్యం నెట్‌వర్క్‌దే, బడ్స్ మార్చి ప్రయోజనం లేదు. ఒక్కరే వైరుకు మారినా ఆ చివరి ఆలస్యం రాకపోకలు రెండింటిలోనూ పోతుంది, లాభం ఇద్దరికీ అందుతుంది.

వైరు వీలుకాని ల్యాప్‌టాప్‌లో వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, బ్లూటూత్ ఒకే తరంగాల పట్టీని పంచుకుంటాయి, ముక్కలు పోవడం అక్కడే ఎక్కువ. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో ఈ ఆలస్యాన్ని తగ్గించేలా రూపొందింది. అయితే ఫోనూ బడ్సూ రెండూ దాన్ని అర్థం చేసుకునేవి కావాలి. ఒకటి పాతదైతే రెండూ పాత పద్ధతిలోనే మాట్లాడుకుంటాయి.