మీకు తెలుసా? గడుల పేరొకటైతే రాతా ఒకటే

పీడీఎఫ్ ఫారంలో ప్రతి గడికీ తెరవెనుక ఒక పేరుంటుంది. రెండు టెక్స్ట్ గడులకు ఒకే పేరు పెడితే, ఒకదాంట్లో టైప్ చేసింది రెండోదాంట్లోనూ పడుతుంది. దరఖాస్తుదారు పేరు ప్రతి పేజీలో రావాలంటే ఇది భలే సౌకర్యం. చిక్కల్లా అక్రోబాట్‌లో గడిని కాపీ చేసినప్పుడే; పేరు కూడా కాపీ అయిపోతుంది. తండ్రి పేరు గడిని కాపీ చేసి తల్లి పేరు పక్కన పెడితే, రెండుచోట్లా నాన్నగారే! ప్రాపర్టీస్‌లో Name మార్చాలి.

చెక్‌బాక్సులకు మాత్రం ఈ గుణం కావాలనే వాడుకోవచ్చు. ‘అవును’, ‘కాదు’ గడులకు ఒకే పేరిచ్చి, Export Value మాత్రం వేర్వేరుగా పెట్టండి. ఒకదానికి టిక్ పెట్టగానే రెండోదాని టిక్ దానంతటదే పోతుంది.